మిడ్ పరీక్షల సీటింగ్ పట్టిక: తరచుగా అడిగే ప్రశ్నలు

భీమవరం, నరసాపురం, అమలాపురం చుట్టుపక్కల ఇంజనీరింగ్ కాలేజీల్లో ఎగ్జామ్ సెక్షన్ బాధ్యత కొత్తగా తీసుకున్న లెక్చరర్లు తరచూ అడిగే ప్రశ్నలివి. ఇన్విజిలేషన్‌కి వచ్చే మాస్టార్లు, విద్యార్థులు అడిగేవీ వీటిలో ఉన్నాయి. మొదటి నుంచి చివరి దాకా ఒకే ఉదాహరణ తీసుకున్నాను: రెండో సంవత్సరం, నాలుగు బ్రాంచీలు, 266 మంది, 48 సీట్ల గదులు. మీ అంకెలు వేరుగా ఉండొచ్చు గాని లెక్క చేసే పద్ధతి ఇదే.

ఒకే సెక్షన్ పిల్లలు పక్కపక్కన పడకుండా చూస్తే చాలు కదా?

చాలదు. పట్టిక వేసేవాళ్లు ముందు సరిచేసుకోవాల్సింది ఇదే. మనం విడదీయాల్సింది సెక్షన్లను కాదు, ఒకే ప్రశ్నపత్రం రాసేవాళ్లను. సీఎస్ఈ ఎ సెక్షన్ కుర్రాడి పక్కన బి సెక్షన్ అమ్మాయిని కూర్చోబెడితే ఇద్దరూ వేరే సెక్షన్లే, కానీ చేతిలో ఉన్న పేపరు ఒకటే. విడదీసినట్టు కాగితం మీద కనబడుతుంది, గదిలో మాత్రం విడదీసినట్టు కాదు.

బ్రాంచీ కూడా ప్రతిరోజూ సరైన గుర్తు కాదు. మొదటి సంవత్సరంలో గణితం అన్ని బ్రాంచీలకూ ఉమ్మడిగా ఉన్న రోజున సివిల్, సీఎస్ఈ పక్కపక్కన పడ్డా ఉపయోగం లేదు. ఓపెన్ ఎలక్టివ్‌ల రోజున దీనికి తలకిందులు: ఒకే బ్రాంచీలో మూడు నాలుగు పేపర్లు రాసేవాళ్లుంటారు. అందుకని విద్యార్థుల జాబితాలో హాల్ టికెట్ నంబరు పక్కనే ఆ రోజు పేపరు కోడ్ కూడా ఉండాలి. గుంపులు కట్టేది ఆ కోడ్‌ను బట్టే.

ఇక్కడ ఒక మెలిక ఉంది. సప్లిమెంటరీ వాళ్లకు పాత రెగ్యులేషన్ పేపరు వస్తుంది, కోడ్ వేరుగా ఉంటుంది. కోడ్ వేరు కదా అని కంప్యూటరు వాళ్లను వేరే గుంపుగా లెక్కేస్తుంది. కానీ సబ్జెక్టు అదే, సిలబస్ చాలావరకు అదే అయితే పక్కవాడి జవాబు వీడికీ పనికొస్తుంది. అలాంటి కోడ్‌లను మనమే చూసి ఒకే గుంపు కింద రాసుకోవాలి.

ఎన్ని గదులు కావాలో ఎలా తేలుతుంది?

రెండు లెక్కలు చేయాలి. చాలామంది మొదటిదానితో ఆపేస్తారు.

మా గదిలో ఎనిమిది వరుసలు, ఒక్కో వరుసకు మూడు బెంచీలు. బెంచీకి ఇద్దరు చొప్పున 48 సీట్లు. రెండో సంవత్సరంలో సీఎస్ఈ 132, ఈసీఈ 66, మెకానికల్ 38, సివిల్ 30, వెరసి 266 మంది. ఐదు గదుల్లో 240 మందే పడతారు కాబట్టి ఆరు గదులు కావాలి. ఆరు గదుల్లో 288 సీట్లు. ఇది మొదటి లెక్క.

రెండోది: అన్నిటికంటే పెద్ద గుంపు మొత్తం సీట్లలో సగం దాటకూడదు. 288లో సగం 144, సీఎస్ఈ 132. సరిపోయింది.

అదే సీఎస్ఈ, ఈసీఈలకు ఉమ్మడి పేపరు ఉన్న రోజున చూడండి. ఆ రెండూ కలిసి 198 మంది ఒకే గుంపు అవుతారు. 144 దాటిపోయింది. విద్యార్థులు పెరగలేదు, సీట్లు తగ్గలేదు, అయినా ఆరు గదులు చాలవు. గదికి ఆ గుంపు వాళ్లు 24 మందే పట్టాలి గనుక ఎనిమిది గదుల్లో 192 మందే కూర్చుంటారు. మిగిలిన ఆరుగురి కోసం తొమ్మిదో గది తెరవాలి. ఆ రోజు గదుల్లో ఖాళీ సీట్లు చాలా కనబడతాయి. ఎవరైనా వచ్చి “ఇన్ని ఖాళీలుండగా తొమ్మిది గదులెందుకు మాస్టారూ?” అని అడిగితే ఈ లెక్కే చూపించాలి.

అన్ని గదులు లేకపోతే?

రెండు సంవత్సరాలను కలిపేయడం మంచి దారి. మొదటి సంవత్సరం 240 మంది ఉమ్మడి గణితం రాస్తున్నారనుకోండి. వాళ్లను విడిగా కూర్చోబెట్టాలంటే గదికి 24 చొప్పున పది గదులు కావాలి. రెండో సంవత్సరానికి ఇంకో ఆరు. రెండింటినీ ఒకే పూట కలిపితే 506 మంది, పదకొండు గదులు, 528 సీట్లు. సగం 264, పెద్ద గుంపు 240. హాయిగా సరిపోతుంది. పదహారు గదుల పని పదకొండింటిలో తేలింది.

అయితే అదే పూట రెండో సంవత్సరం మొత్తానికి కూడా ఒకే ఉమ్మడి పేపరు ఉంటే వాళ్ల గుంపు 266 అవుతుంది. 264 కంటే రెండే ఎక్కువ. ఆ ఇద్దరినీ “ఎక్కడో అక్కడ సర్దేద్దాం” అంటే సర్దిన చోటల్లా పక్కనో ముందో అదే పేపరు వాడుంటాడు. ఇంకో గది తెరవడమే సబబు, లేదా పరీక్షల టైంటేబుల్ వేసేటప్పుడే ఆ రెండు ఉమ్మడి పేపర్లు ఒకే పూట పడకుండా చూసుకోవాలి. టైంటేబుల్ ఖరారు కాకముందే సీటింగ్ వేసేవాళ్లను ఒకమాట అడగమని నేను ప్రతి సెమిస్టరుకూ పట్టుబట్టేది ఇందుకే.

ఇవేవీ కుదరనప్పుడు ప్రశ్నపత్రాన్ని రెండు సెట్లుగా వేయించడం ఒక్కటే మిగిలింది. ఆబ్జెక్టివ్ భాగానికి అది బాగా పనిచేస్తుంది. వ్యాసరూప ప్రశ్నలకు మాత్రం రెండు సెట్లూ సమానమైన కష్టంతో రావడం అరుదు, పిల్లలకు అన్యాయం జరిగే వీలుంది.

ఎడమవైపంతా ఒక బ్రాంచీ, కుడివైపంతా ఇంకో బ్రాంచీ వేస్తే సరిపోదా?

చాలా చోట్ల అలాగే వేస్తారు. చెప్పడం తేలిక, ఇన్విజిలేటరు ఒక చూపులో సరిచూసుకోగలడు. కానీ అందులో సీఎస్ఈ కుర్రాడి ముందు సీఎస్ఈ, వెనక సీఎస్ఈ. బెంచీలు దగ్గరగా వేసిన గదిలో ముందువాడు కాస్త పక్కకు వంగితే చాలు, వెనకవాడికి పేజీ మొత్తం కనబడుతుంది. పక్కవాడి కాగితం చూడాలంటే తల తిప్పాలి, ఇన్విజిలేటరు కంట పడుతుంది. ముందువాడి కాగితం చూడాలంటే తల ఎత్తితే చాలు.

దీనికి మందు చాలా చిన్నది. ప్రతి బెంచీలో ఒకటి ఎ సీటు, ఇంకోటి బి సీటు. బేసి వరుసల్లో ఎ సీటు ఎడమవైపు, సరి వరుసల్లో ఎ సీటు కుడివైపు. అంతే మార్పు. అప్పుడు మొదటి వరుస ఎ, బి, ఎ, బి, ఎ, బి అని పడుతుంది, రెండో వరుస బి, ఎ, బి, ఎ, బి, ఎ అని పడుతుంది. చదరంగం బల్ల మీద నల్లగడి పక్కన నల్లగడి రానట్టే, ఎ సీటుకు ముందూ వెనకా, అటూ ఇటూ, నడవ దాటినా కూడా బి సీటే ఉంటుంది. ఎ సీట్లు ఒకదానికొకటి తగిలేది మూలగానే. ఆ దూరంలో అక్షరాలు చదవడం కష్టం, చదవాలని చూసేవాడు దొరికిపోతాడు.

ఎడమ, కుడి అన్నది బోర్డు వైపు తిరిగి కూర్చున్న విద్యార్థి చేతులను బట్టి. ఇన్విజిలేటరు పిల్లల వైపు తిరిగి నిలబడతాడు కాబట్టి ఆయనకు తారుమారుగా కనబడుతుంది. గది తలుపు మీద అతికించే కాగితంలో బోర్డు ఎటుందో బొమ్మ గీసి చూపించండి. ఈ ఒక్క గీత లేక గది మొత్తం అటూ ఇటూ అయిపోయిన సందర్భాలున్నాయి. అలా మొత్తంగా తారుమారైతే నష్టం లేదు లెండి, ఎ, బి స్థానాలు మారతాయంతే. సగం గది ఒకలా, సగం గది ఇంకోలా కూర్చున్నప్పుడే అసలు చిక్కు.

సరే, 266 మందినీ ఏ క్రమంలో నింపాలి?

గుంపులను పెద్దదాని నుంచి చిన్నదాని వరకు పేర్చుకోండి: సీఎస్ఈ, ఈసీఈ, మెకానికల్, సివిల్. ముందు ఆరు గదుల్లోని ఎ సీట్లన్నీ వరసగా నింపండి. అవి అయ్యాక మళ్లీ ఒకటో గదికి వచ్చి బి సీట్లు నింపండి.

ఎ సీట్లు 144. సీఎస్ఈ 132 మంది కూర్చున్నాక ఆరో గదిలో 12 ఎ సీట్లు మిగులుతాయి. వాటిలో ఈసీఈ వాళ్లు 12 మంది కూర్చోవాలి. లెక్క ప్రకారం మొదటి పన్నెండుగురు అక్కడికి వెళ్లాలి గాని, ఈసీఈ 01 నంబరు ఆరో గదిలోనూ 13 ఒకటో గదిలోనూ ఉంటే పిల్లలు తికమకపడతారు. అందుకని నేను చివరి పన్నెండుగురిని ఆరో గదికి పంపి, 01 నుంచి మొదలయ్యేవాళ్లను ఒకటో గదిలో పెడతాను. పట్టిక ఇలా వస్తుంది:

| గది | ఎ సీట్లు | బి సీట్లు | మొత్తం |
|---|---|---|---|
| 1 | సీఎస్ఈ 01–24 | ఈసీఈ 01–24 | 48 |
| 2 | సీఎస్ఈ 25–48 | ఈసీఈ 25–48 | 48 |
| 3 | సీఎస్ఈ 49–72 | ఈసీఈ 49–54, మెకానికల్ మొదటి 18 మంది | 48 |
| 4 | సీఎస్ఈ 73–96 | మెకానికల్ మిగిలిన 20 మంది, సివిల్ మొదటి 4 | 48 |
| 5 | సీఎస్ఈ 97–C0 | సివిల్ తరువాతి 24 మంది | 48 |
| 6 | సీఎస్ఈ లేటరల్ 12, ఈసీఈ 55–60, ఈసీఈ లేటరల్ 6 | సివిల్ చివరి 2 | 26 |

ఆరో గదిలో సీఎస్ఈ, ఈసీఈ రెండూ ఎ సీట్లలోనే ఉన్నాయేమిటని అనుమానం రావచ్చు. ఎ సీటుకు ఇంకో ఎ సీటు పక్కన ఉండదు కాబట్టి ఇబ్బంది లేదు. ఒక గుంపు ఎ సీట్లలోనూ బి సీట్లలోనూ చీలినప్పుడు ఆ రెండు ముక్కలూ ఒకే గదిలో పడకుండా మాత్రం చూసుకోవాలి. ఇక్కడ ఈసీఈ వాళ్లు ఆరో గదిలో ఎ సీట్లలో, మొదటి మూడు గదుల్లో బి సీట్లలో ఉన్నారు కాబట్టి కలవలేదు. పెద్ద గుంపును ముందు కూర్చోబెట్టడం ఇందుకే. చిన్నదానితో మొదలుపెడితే చీలేది సీఎస్ఈ అవుతుంది, అది దాదాపు సగం ఉంది గనుక రెండు ముక్కలూ ఆరో గదిలో ఎదురుపడతాయి.

C0 అంటే ఏమిటి? లేటరల్ వాళ్లను విడిగా రాశారెందుకు?

జేఎన్‌టీయూ కాకినాడ పరిధిలోని కాలేజీలకు హాల్ టికెట్ నంబరు పది అక్షరాలది. `23XX1A0501` అంటే 2023లో చేరిన బ్యాచ్, XX దగ్గర కాలేజీ కోడ్, 1A మామూలుగా చేరినవాళ్లకు, 05 సీఎస్ఈ, చివరి 01 వరుస సంఖ్య. ఈసీఈకి 04, మెకానికల్‌కి 03, సివిల్‌కి 01. చివర రెండు స్థానాలే ఉన్నాయి గనుక 99 తరువాత A0 వస్తుంది, A9 తరువాత B0. ఆ లెక్కన నూరోవాడు A0, నూట ఇరవయ్యోవాడు C0. ఐదో గదిలో “97 నుంచి C0 వరకు” అంటే సరిగ్గా 24 మంది.

డిప్లొమా చేసి ఈసెట్ ద్వారా రెండో సంవత్సరంలో చేరేవాళ్లకు మంజూరైన సీట్లలో పది శాతం ఉంటాయి. వాళ్ల నంబరు ఒక ఏడాది ముందుకు జరిగి `24XX5A0501` అని వస్తుంది. మా సీఎస్ఈలో 120కి 12, ఈసీఈలో 60కి 6. అంకెల ప్రకారం పేర్చితే వీళ్లు వాళ్లంతట వాళ్లే చివరికి వెళతారు, బాగానే ఉంటుంది.

ఇబ్బంది పెట్టేది డిటైన్ అయి తిరిగి చేరినవాళ్లు. వాళ్ల నంబరు 22తో మొదలవుతుంది. ఎక్సెల్లో పేర్చగానే అందరికంటే పైకి వచ్చి కూర్చుంటారు. ఇద్దరు పైకి వచ్చారంటే ఒకటో గదిలో 24వ సీటు 22వ నంబరు దగ్గరే నిండిపోతుంది. తలుపు మీద మాత్రం “01–24” అని పాత అలవాటు ప్రకారం రాసి ఉంటుంది. 23, 24 నంబర్ల వాళ్లు ఒకటో గదిలో సీటు లేక నిలబడతారు, రెండో గదిలో వాళ్ల సీట్లు ఖాళీగా ఉంటాయి. తిరిగి చేరినవాళ్లను ఆ బ్రాంచీ జాబితా చివరికి చేత్తో జరిపి, అప్పుడు వరుస సంఖ్యలు వేయండి.

టీసీ తీసుకుని వెళ్లిపోయినవాళ్ల సంగతీ ఇదే. మధ్యలో 17 నంబరు లేకపోతే 24 మంది అంటే 01 నుంచి 25 దాకా. అందుకే ప్రతి గది కాగితం మీద మొదటి నంబరు, చివరి నంబరు రాసి ఊరుకోకుండా పక్కన ఎంతమందో కూడా రాయాలి. ఆ సంఖ్యే ఇన్విజిలేటరుకు ఆధారం.

కంప్యూటరులో సరిచూసుకునే తేలిక మార్గం ఏదైనా ఉందా?

ఉంది. ప్రతి గదికీ ఎక్సెల్లో ఎనిమిది వరుసలు, ఆరు నిలువు గడులు తీసుకుని ప్రతి గడిలో ఆ సీటు వాడి పేపరు కోడ్ పెట్టండి. గడులు C3 నుంచి H10 వరకు ఉన్నాయనుకుంటే, వాటినన్నిటినీ ఎంచుకుని కండిషనల్ ఫార్మాటింగ్‌లో ఈ సూత్రం ఇచ్చి ఎర్ర రంగు పెట్టండి:

```
=AND(C3<>"",OR(C3=D3,C3=C4))
```

కుడిపక్క గడిలో గాని, వెనక గడిలో గాని అదే కోడ్ ఉంటే ఆ గడి ఎర్రబడుతుంది. ఎడమను, ముందును వేరే చూడక్కర్లేదు, ఎందుకంటే ఎడమవాడికి వీడు కుడివాడే. I నిలువు వరుస, 11వ అడ్డు వరుస ఖాళీగా ఉంచండి, లేకపోతే అక్కడున్న రాతతో పోల్చేస్తుంది. ఒకే సబ్జెక్టు పాత, కొత్త కోడ్‌లు ఉన్నచోట రెండింటికీ ఒకే గుర్తు పెట్టాకే ఈ పరీక్ష చేయాలి.

అంకెలు మాత్రమే ఉండే హాల్ టికెట్లతో పనిచేసే డిగ్రీ కాలేజీల వాళ్లకు ఒక మాట. పన్నెండు, అంతకు మించిన అంకెలున్న నంబరును ఎక్సెల్ మామూలు గడిలో `2.23E+11` లాగా చూపిస్తుంది. నంబర్లు అతికించకముందే ఆ నిలువు వరుసను టెక్స్ట్‌గా మార్చుకోండి. ముందున్న సున్నాలు కూడా అప్పుడే నిలుస్తాయి.

మూడు రోజులూ ఒకే పట్టిక పెట్టొచ్చా?

పెట్టకండి. మొదటిరోజు సాయంత్రానికల్లా ఎవరి చుట్టూ ఎవరున్నారో అందరికీ తెలిసిపోతుంది. మూలగా ఉన్న తన బ్రాంచీ వాడికి చీటీ అందించడానికి మధ్యలో ఉన్న వేరే బ్రాంచీ వాడిని మంచి చేసుకోవడానికి ఒక రాత్రి చాలు.

చాలామంది అందరినీ కలిపి ఒక గది జరుపుతారు. ఒకటో గది వాళ్లు రెండులో, రెండో గది వాళ్లు మూడులో. గది మారింది గాని చుట్టూ ఉన్న మనుషులు వాళ్లే. జరపాల్సింది ఎ సీట్ల వాళ్లను మాత్రమే, బి వాళ్లను ఉన్నచోటే ఉంచాలి. అప్పుడు పక్కనున్నవాళ్లందరూ మారిపోతారు.

ఎటు జరపాలన్నది కూడా చూడాలి. మన పట్టికలో ఎ సీట్లను ముందుకు జరిపితే ఆరో గది ఎ వాళ్లు ఒకటో గదికి వస్తారు. వాళ్లలో ఈసీఈ 12 మంది ఉన్నారు. ఒకటో గది బి సీట్లలో ఉన్నది కూడా ఈసీఈయే! అటూ ఇటూ ఒకే పేపరు. అదే వెనక్కి జరిపితే ఆరో గది ఎ వాళ్లు ఐదో గదికి వెళతారు, అక్కడ బి సీట్లలో సివిల్ ఉంది. ఒకటో గది ఎ వాళ్లు ఆరో గదికి వెళతారు, అక్కడా సివిల్ వాళ్లే ఇద్దరు. మూడోరోజు ఇంకో గది వెనక్కి జరిపితే ఈసీఈ పన్నెండుగురు నాలుగో గదిలో మెకానికల్, సివిల్ మధ్య పడతారు. నాలుగోరోజు మాత్రం జరపలేం, మూడో గదిలో ఈసీఈ బి సీట్లున్నాయి. మా మిడ్ మూడు రోజుల్లో అయిపోతుంది గనుక ఇది సరిగ్గా సరిపోతుంది. ఎక్కువ రోజులుంటే నాలుగోరోజుకు కొత్త పట్టిక వేయండి. ఎన్ని రోజులైనా పేపరు కోడ్‌లు మారతాయి కాబట్టి పై ఎర్రరంగు పరీక్ష ప్రతిరోజుకూ విడిగా చేయాలి.

ఆబ్సెంట్ అయినవాళ్ల సీట్లలోకి వెనకవాళ్లను జరిపించొచ్చా? గది నిండుగా కనబడుతుంది కదా.

దయచేసి వద్దు. ఒక్క బెంచీ ముందుకు జరిగినా బేసి వరుస వాడు సరి వరుసకు వస్తాడు. సీట్ల అమరిక మొత్తం వరుసల బేసి, సరి మీదే నిలబడి ఉంది. అతను అదే ఎడమవైపు కూర్చుంటే ఎ సీటు వాడు కాస్తా బి సీటులో పడ్డట్టు, అంటే చుట్టూ తన బ్రాంచీ వాళ్లే. ఖాళీ సీటు ఖాళీగా ఉంటే ఎవరికీ నష్టం లేదు, పైగా అడ్డుతెర తగ్గి ఇన్విజిలేటరుకు చూపు ఆనుతుంది.

విరిగిన బెంచీల విషయంలోనూ ఇదే సూత్రం. పరీక్షకు ముందురోజు సాయంత్రం గది గదికీ వెళ్లి బెంచీలు లెక్కపెట్టండి. పట్టికలో 24 అని ఉంటుంది, సెమినార్‌కో ఫంక్షన్‌కో తీసుకెళ్లిన బెంచీ తిరిగి రాక 23 ఉంటాయి. మధ్యలో ఒక బెంచీ లేకపోతే ఆ నంబరును ఖాళీగా వదిలేసి, అక్కడివాళ్లను పక్కన అదే పేపరు పడకుండా చూసి ఆరో గదికో, అక్కడ కుదరకపోతే ఇంకో గదికో మార్చండి. తరువాతి బెంచీలకు నంబర్లు మార్చి రాయొద్దు.

వానాకాలం గదిలో నీళ్లు కారితే, లంకల నుంచి పిల్లలు ఆలస్యంగా వస్తే?

మన ప్రాంతంలో ఇది ఏటా ఉండేదే. ఆగస్టులో గోదావరికి వరద వస్తే కాజ్‌వేలు మునిగి లంక గ్రామాల పిల్లలు పడవ దాటి రావాలి. నది పోటు మీదుంటే నరసాపురం, సఖినేటిపల్లి మధ్య పంటు ఆపేస్తారు, వాళ్లు చుట్టూ తిరిగి రావాల్సిందే. అక్టోబరు, నవంబరుల్లో వాయుగుండం పడితే పాత భవనాల్లో కిటికీ పక్క సీట్లు తడుస్తాయి.

ఆలస్యంగా వచ్చేవాళ్ల కోసం వేరే గది పెట్టి అందరినీ అందులో కూర్చోబెడితే ఒకే ఊరి స్నేహితులు, ఒకే పేపరు వాళ్లు ఒకచోట చేరతారు. వాళ్ల సీటు వాళ్లకే ఉంచండి. అనుమతించిన వేళ లోపు వస్తే నేరుగా వెళ్లి అక్కడే కూర్చుంటారు. ఖాళీలు జరపొద్దని గట్టిగా చెప్పడానికి ఇదీ ఒక కారణం.

నీళ్లు కారినప్పుడు ఎక్కడికి మార్చాలన్నది ముందే రాసుకోవాలి. ఆరో గదిలో 22 బి సీట్లు ఖాళీగా ఉన్నాయి. మెకానికల్ వాళ్లయితే వాటిలో ఎక్కడైనా కూర్చోవచ్చు. సివిల్ వాళ్లకు కూడా ఇబ్బంది లేదు, బి సీటుకు బి సీటు పక్కన రాదు. కానీ తడిసింది సీఎస్ఈ వాళ్ల సీట్లయితే? మొదటిరోజు ఆరో గదిలో సీఎస్ఈ లేటరల్ వాళ్లు తలుపు పక్క బారు మొత్తం, మధ్య బారులో ముందు నాలుగు బెంచీలు నింపుతారు. మిగతా ఎ సీట్లలో ఈసీఈ. మూడో బారు చివరి నాలుగు బెంచీల బి సీట్లకు చుట్టూ ఈసీఈయే ఉంటుంది. ఆ నాలుగు సీట్లూ సీఎస్ఈ కోసం అట్టిపెట్టుకుంటాను. అంతకంటే ఎక్కువమంది తడిస్తే ఏడో గది తాళం చెవి దగ్గర ఉండాలి. రెండో, మూడో రోజుల్లో ఎ వాళ్లు జరుగుతారు గనుక ఆ రోజుల్లో సీఎస్ఈకి ఆరో గది పనికిరాదు, తిన్నగా ఏడో గదే.

సార్, నా ఫ్రెండ్ వేరే గదిలో పడ్డాడు. గది మార్చుకోవచ్చా?

కుదరదమ్మా. కాలికి దెబ్బ తగిలి మేడ ఎక్కలేకపోతే, స్క్రైబ్ కావాలంటే ముందురోజే ఎగ్జామ్ సెక్షన్‌కి వచ్చి చెప్పండి, కింది అంతస్తులో ఏర్పాటు చేస్తాం. స్క్రైబ్‌తో రాసేవాళ్లకు మాటలు వినిపించకుండా విడి గది ఇస్తాం.

పట్టిక ఎప్పుడు అతికించాలి?

గది ఏదో తెలిపే జాబితా నోటీసు బోర్డులో పరీక్ష ఉదయం అరగంట ముందు చాలు. గది లోపల ఏ బెంచీ అన్నది ఆ గది తలుపు మీదే ఉండాలి. బెంచీ వివరం ముందురోజే బయటపెడితే బల్ల మీద పెన్సిలుతో రాసిపెట్టుకునేవాళ్లకు దారి చూపినట్టే. ఎలక్టివ్‌ల రోజున “ఇంత నుంచి ఇంత వరకు” అని రాస్తే ఎవరికీ అర్థం కాదు, ప్రతి నంబరూ విడిగా రాయాల్సిందే.

బెంచీల మీద సుద్దముక్కతో రాసిన నంబర్లు మధ్యాహ్నానికి చెరిగిపోతాయి. రెండు పూటలా పరీక్షలుంటే స్టిక్కర్లు మేలు, పూటకో రంగువి.

ఇన్ని చేసినా కాపీ జరిగితే ఎలా తెలుస్తుంది?

జేబులో చీటీని, ఫోనును సీటింగ్ ఆపలేదు. అది తనిఖీ చేసేవాళ్ల పని. సీటింగ్ ఆపగలిగేది పక్కచూపులను మాత్రమే. అందులో మూలగా చూసే దారి కొంచెం మిగిలే ఉంటుందని ఇన్విజిలేటర్లకు ముందే చెప్పండి. గది వెనక ఒకరు, ముందు ఒకరు నిలబడితే అదీ చాలావరకు మూసుకుంటుంది.

దిద్దేటప్పుడు రెండు పేపర్లలో ఒకే తప్పు ఒకే చోట కనబడితే, ఉదాహరణకు లెక్కలో అదే మైనస్ గుర్తు అదే మెట్టులో పోతే, అప్పుడు సీటింగ్ పట్టిక తీసి చూడాలి. వాళ్లిద్దరూ మూలగా కూర్చున్నారా, ఆ రోజు ఎవరైనా సీటు మారారా? ఒప్పు జవాబులు కలవడం సహజం, వింత తప్పులు కలవడమే గుర్తు. వేరే గదుల్లో ఉన్నవాళ్లకు ఒకే తప్పు వచ్చిందంటే ఇద్దరూ ఒకే నోట్సు చదివి ఉంటారు. అందుకే ప్రతిరోజు పట్టిక నకలును, ఇన్విజిలేటరు చేత్తో రాసిన మార్పులతో సహా, ఆబ్సెంటీల షీటుతో కలిపి మార్కులు ఖరారయ్యే దాకా భద్రపరచండి. సీటు మార్చినప్పుడు ఎవరిని, ఏ బెంచీ నుంచి ఏ బెంచీకి, ఎన్ని గంటలకు మార్చారో ఆ కాగితం మీదే రాసి సంతకం చేయమని ఇన్విజిలేటర్లను అడగండి.